కోపంతో ఫోన్ చేసినవారికి ఏం చెప్పాలి? ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న, రెండు నిమిషాల జవాబు

"ఒక కస్టమర్ విపరీతమైన కోపంతో ఫోన్ చేశారు. మీరైతే ఏం చేస్తారు?" తిరుపతిలో గానీ, చెన్నైలో గానీ, బెంగళూరులో గానీ కస్టమర్ సపోర్ట్ ఉద్యోగానికి వెళ్లిన మన పిల్లలకు ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్న ఎదురవుతుంది. దాతలైన మీ సహకారంతో నడుస్తున్న శిక్షణ తరగతిలో ఈ ఒక్క ప్రశ్నకే మేము ఆరు రోజులు కేటాయిస్తున్నాము. ఒక ప్రశ్నకు ఆరు రోజులెందుకని మీలో కొందరు అడిగారు. ఆ పాఠాన్నే ఇక్కడ మీ ముందు ఉంచుతున్నాము. మీ ఇంట్లో ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలుంటే వారికి కూడా చదివి వినిపించవచ్చు.

మొదటి రోజు ఈ ప్రశ్న అడిగితే తరగతిలో దాదాపు అందరూ ఒకే జవాబు చెబుతారు. "ఓపికగా వింటాను సార్, సారీ చెబుతాను, సమస్య పరిష్కరిస్తాను." ఇందులో తప్పేమీ లేదు, కానీ పనికొచ్చేదీ లేదు. ఇంటర్వ్యూ చేసే ఆయన ఆ పొద్దున్నుంచి ఇదే మాట చాలాసార్లు విని ఉంటాడు. ఫోన్ చేసిన మనిషి అసలు ఏమడుగుతున్నాడో ఈ అభ్యర్థికి తెలుసా, తన చేతిలో ఏముంది ఏం లేదు అన్నది తెలుసా, నోటితో ఏ మాటలు అంటాడు అన్నవి ఆయనకు కావాలి. అందుకే గుణాలను వల్లించడం మాన్పించి, ఒకే ఒక కాల్‌ను మొదటినుంచి చివరిదాకా నడిపిస్తాము.

మనం కొండ కింద ఉన్నవాళ్లం. తిరుమలకు వచ్చేవారి కష్టసుఖాలు బస్టాండులో, లాడ్జీల దగ్గర, టీ కొట్ల దగ్గర రోజూ మన చెవిన పడుతూనే ఉంటాయి. కాబట్టి మా అభ్యాసానికి కల్పించుకున్న కాల్ కూడా అక్కడిదే. కడప నుంచి ఒకాయన 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నలుగురికి ఆన్‌లైన్‌లో తీసుకోబోయాడు. ఆయన, భార్య, వయసు మళ్లిన తల్లిదండ్రులు. సోమవారం ఉదయం ఫోన్‌లో యూపీఐ ద్వారా 1,200 రూపాయలు కట్టాడు. బ్యాంకు నుంచి డబ్బు పోయినట్టు మెసేజ్ వచ్చింది, టికెట్ మాత్రం రాలేదు. పేజీ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నిస్తే ఆ రోజుకు టికెట్లు అయిపోయాయని చూపించింది. సహాయ కేంద్రంలో ఫోన్ ఎత్తింది మన అభ్యర్థి అనుకుందాం. ఆయన మొదటి మాట ఇలా ఉంటుంది:

"ఏందయ్యా ఇది? పన్నెండు నూర్లు కట్ అయిపోయినాయి, టికెట్ ల్యా, ఏమీ ల్యా. యాడికి పోయినాయి నా దుడ్లు? మా నాయనకు ఏమని చెప్పాల నేను?"

ఈ నాలుగు వాక్యాల్లో రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి డబ్బు, రెండోది తండ్రికిచ్చిన మాట. కోపం ఒక్కటిగానే వినిపిస్తుంది గానీ, డబ్బు గురించి మనం చేయగలిగింది ఉంది, టికెట్ గురించి చేయగలిగింది చాలా తక్కువ. రెండూ కలిపేసి "మీ సమస్య పరిష్కరిస్తాను సార్" అన్నామంటే, టికెట్ కూడా ఇప్పిస్తామని ఆయన అనుకుంటాడు. పది నిమిషాల తర్వాత కాదని తెలిసినప్పుడు వచ్చే కోపం మొదటిదానికి రెట్టింపు ఉంటుంది, అప్పుడు దానికి కారణం కూడా మనమే అవుతాము. అందుకే ఈ రెండింటినీ వేరు చేయడం మా తరగతిలో మొదటి మెట్టు.

ఇక డబ్బు సంగతి. "యాడికి పోయినాయి నా దుడ్లు?" అన్నది తిట్టులా వినిపించే నిజమైన ప్రశ్న. దానికి నిజమైన జవాబు దొరికితే కోపం సగం దిగుతుంది. ఆ డబ్బు మూడు చోట్లలో ఏదో ఒకచోట ఉంటుంది.

మొదటిది, ఆయన ఖాతా నుంచి బయలుదేరి మన దగ్గరికి చేరకుండా మధ్యలో ఆగిపోయి ఉండవచ్చు. ఇలాంటి వాటికి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబర్ 20న ఒక సర్క్యులర్ ఇచ్చింది. యూపీఐ ద్వారా వ్యాపారికి కట్టిన డబ్బు ఖాతాలో తగ్గి, వ్యాపారికి చేరినట్టు నిర్ధారణ రాకపోతే, కట్టిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా అది దానంతటదే వెనక్కి రావాలి. అంతకు మించి ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున కస్టమర్‌కు పరిహారం ఇవ్వాలి, దానికోసం ఆయన ఫిర్యాదు చేసేదాకా కూడా ఆగకూడదు. ఈ రోజులు మామూలు క్యాలెండర్ రోజులే, సెలవులు తీసేసి లెక్కించేవి కావు. అంటే సోమవారం కట్టినవారికి గడువు శనివారం.

రెండోది, డబ్బు మన దగ్గరికి చేరి, టికెట్ మాత్రం తయారు కాకపోయి ఉండవచ్చు. అప్పుడు బ్యాంకు చేతిలో ఏమీ లేదు. తిరిగి ఇవ్వవలసింది మన సంస్థే, ఎన్ని రోజులు పడుతుందో మన నిబంధన చూసి చెప్పాలి. ఇక్కడ "బ్యాంకును అడగండి సార్" అని పంపించేస్తే ఆ మనిషి బ్యాంకుకూ మనకూ మధ్య బంతిలా తిరుగుతాడు. కాల్ సెంటర్లకు వచ్చే కోపాల్లో ఈ రకం చాలా ఎక్కువ.

మూడోదాన్ని తరగతిలో ఎవరూ మొదట ఊహించరు. ఆయన కట్టింది అసలు దేవస్థానం వెబ్‌సైటులోనే కాకపోవచ్చు. తిరుమల టికెట్ల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి మోసం చేసిన సంఘటనలు ఉన్నాయి, టీటీడీ కూడా భక్తులను పలుమార్లు హెచ్చరించింది. అసలైన చిరునామా ttdevasthanams.ap.gov.in. ఆయన వేరేచోట కట్టి ఉంటే "శనివారానికి వస్తుంది సార్" అని ఓదార్చడం ఆయనకు అపకారం చేయడమే అవుతుంది. మోసంలో గంటలు ముఖ్యం. వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయించాలి, తన బ్యాంకుకు చెప్పించాలి. మనం చల్లగా ఐదు రోజులు ఆగమంటే, ఆ లోపల డబ్బు ఎన్ని ఖాతాలు దాటిపోతుందో!

మరి మూడింటిలో ఏదో ఎలా తెలుస్తుంది? రెండు ప్రశ్నలు చాలు. "మీరు ఏ వెబ్‌సైటులో కట్టారు సార్, చిరునామా చదివి చెప్పగలరా? మీ యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు తెరిస్తే ఎవరి పేరు కనిపిస్తోంది?" అక్కడ ఎవరో వ్యక్తి పేరు కనిపించిందంటే గట్టిగా అనుమానించవలసిందే. పేరు సరైనదైతే, అక్కడే ఉన్న 12 అంకెల లావాదేవీ నంబరు అడిగి మన సిస్టంలో వెతకాలి. దొరికితే డబ్బు మన దగ్గర ఉన్నట్టు, దొరకకపోతే మధ్యలో ఉన్నట్టు. ఇంత వివరం ఇంటర్వ్యూలో అవసరమా అని పిల్లలు అడుగుతారు. మొత్తం చెప్పక్కర్లేదు. కానీ తెలిసి మాట్లాడే మనిషి గొంతుకూ, తెలియక ఓదార్చే మనిషి గొంతుకూ తేడా ఉంటుంది, అది వినేవారికి పట్టుబడుతుంది.

ఇప్పుడు మాటల వరుస. ఆయన మొదటి ఊపు అయ్యేదాకా మాటకు అడ్డం రాకూడదు. మేము గడియారం పెట్టి చూశాము, ఎంత కోపంలో ఉన్నవారైనా అడ్డు రాకపోతే ముప్పై, నలభై సెకన్లలో ఊపిరి తీసుకోవడానికి ఆగుతారు. అడ్డొస్తే మళ్లీ మొదటినుంచి మొదలెడతారు. అయితే పూర్తిగా మౌనంగా ఉంటే "హలో, ఉన్నావా?" అని ఇంకా మండిపడతారు. మధ్యలో "ఊఁ సార్", "చెప్పండి సార్" అన్న చిన్న మాటలు పడుతుండాలి. ఆయన ఆగగానే, చెప్పినదాన్ని ఆయన వివరాలతోనే తిరిగి చెప్పాలి:

"నలుగురికి 1,200 కట్టారు, డబ్బు పోయింది, టికెట్ రాలేదు. పెద్దాయనకు చెప్పి పెట్టుకున్నారు. అంతే కదా సార్?"

"మీ బాధ నాకు అర్థమైంది" అన్న వాక్యం కంటే ఇది బాగా పనిచేస్తుంది. ఆ వాక్యం ఎవరికైనా, ఏ సమస్యకైనా చెప్పవచ్చు, అది ఆయనకూ తెలుసు. నలుగురు, 1,200, పెద్దాయన అన్నవి మాత్రం విన్నవారు మాత్రమే చెప్పగలరు. "శాంతించండి సార్" అన్న మాటను మా తరగతిలో నిషేధించాము. అది చెప్పించుకుని శాంతించిన మనిషిని మేమింతవరకు చూడలేదు.

ఆ తర్వాత క్షమాపణ ఒక్కసారి చెప్పాలి. ఐదుసార్లు చెబితే ఇంకేమీ చేతకాక చెబుతున్నట్టు ఉంటుంది. వెంటనే ప్రశ్నకు జవాబు మొదలుపెట్టాలి. "మీ డబ్బు ఇప్పుడు ఎక్కడుందో ముందు చూస్తాను సార్. రెండు వివరాలు కావాలి." ఈ వాక్యం దగ్గరే కాల్ మలుపు తిరుగుతుంది. కోపంలో ఉన్నవాడు నిందిస్తాడు, వెతుక్కునేవాడు అంకెలు చదువుతాడు. ఆయన ఫోన్ తెరిచి ఆ 12 అంకెలూ చదవడం మొదలుపెట్టాడంటే కోపం దిగుతున్నట్టే. వాక్యాలు పొట్టివవుతాయి, "ఏంది మీరు" అన్నది పోయి "అయితే ఎప్పుడొస్తాయి?" అన్న ప్రశ్న వస్తుంది. ఈ గుర్తులు వినిపించకముందే నిబంధనలు చెప్పడం మొదలుపెడితే ఒక్క ముక్క కూడా ఆయన చెవికెక్కదు. ఈ వివరాలడిగేటప్పుడే మరో జాగ్రత్త ఉంది. ఓటీపీ గానీ పిన్ గానీ ఎప్పుడూ అడగకూడదు, ఆయనే చెప్పబోతే ఆపాలి. ఇంటర్వ్యూలో ఈ ఒక్క మాట అభ్యర్థి తనంతట తాను చెబితే ఎదుటివారు తలెత్తి చూస్తారు.

వెతకడానికి హోల్డ్‌లో పెట్టవలసి వస్తే ఎందుకో, ఎంతసేపో చెప్పి, సరేనన్నాకే పెట్టాలి. రెండు నిమిషాలన్నామంటే, పని పూర్తి కాకపోయినా రెండో నిమిషంలో తిరిగి వచ్చి "ఇంకో నిమిషం సార్" అనాలి.

మన కాల్‌లో వెబ్‌సైటు సరైనదే, నంబరు సిస్టంలో దొరకలేదు అనుకుందాం. అప్పుడు చెప్పవలసింది ఇది: "మీరు కట్టిన డబ్బు మా దాకా రాలేదు సార్, మధ్యలో ఆగింది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం శనివారం లోపల మీ ఖాతాకే తిరిగి రావాలి. ఆ తర్వాత ఆలస్యమైతే రోజుకు నూరు రూపాయలు కూడా ఇవ్వాలి. మీ ఫిర్యాదు నమోదు చేశాను, నంబరు రాసుకుంటారా?" ఇక్కడ "వస్తుంది" అనకుండా "రావాలి" అనడం గమనించండి. మన చేతిలో లేనిదానికి మనం హామీ ఉండకూడదు.

చివరికి టికెట్. ఈ చేదు మాటను దాచకూడదు, సాగదీయకూడదు. "ఆ రోజు టికెట్లు అయిపోయాయి సార్, నేను ఇప్పించలేను." అని చెప్పి, ఊపిరి తీసుకోవడానికి ఆయనకు ఒక క్షణం ఇచ్చి, ఉన్న దారులు చెప్పాలి. వేరే తేదీల్లో ఖాళీ ఉందేమో ఇద్దరూ కలిసి చూడవచ్చు. టికెట్ లేకుండా వెళ్లే సర్వదర్శనం ఉంది, కానీ రద్దీ రోజుల్లో చాలా గంటలు క్యూలో ఉండవలసి వస్తుందని పెద్దవాళ్లున్నారు కనుక తప్పక చెప్పాలి. తీపి కబురు మాత్రమే చెప్పి పంపిస్తే ఆ ముసలాయన క్యూలో పడే అవస్థకు మనం బాధ్యులమవుతాము.

ఇంతవరకు కాల్. ఇంటర్వ్యూలో దీనంతటినీ రెండు నిమిషాల్లోపల నోటితో చెప్పాలి. అక్కడ పిల్లలు దారితప్పేది ఎక్కువగా మొదటి భాగంలోనే. కథ చెబుతూ చెబుతూ ఒక నిమిషం అక్కడే గడిపేస్తారు. అందుకని నాలుగు భాగాల వరుస పెట్టాము. ఎవరు, ఏ ఇబ్బందితో ఫోన్ చేశారో రెండు వాక్యాల్లో చెప్పాలి. నా చేతిలో ఏముంది, ఏం లేదు అన్నది ఒక వాక్యం. నేను ఏం అన్నాను, ఏం చేశాను అన్నదానికి సగానికి పైగా సమయం ఇవ్వాలి, అందులో కనీసం ఒక్క వాక్యమైనా కస్టమర్‌తో అన్న మాట అన్నట్టుగానే రావాలి. ఆఖరున కాల్ ఎలా ముగిసింది, తర్వాత ఏం మిగిలింది అన్నది. ఇంగ్లీషు పుస్తకాల్లో స్టార్ పద్ధతి అని చెప్పేది ఇంచుమించు ఇదే, మేము ఫోన్ పనికి తగినట్టు కొంచెం మార్చుకున్నాము. ఆ వరుసలో ఒక జవాబు ఇలా ఉంటుంది:

"దర్శనం టికెట్లకు 1,200 కట్టి, టికెట్ రాక కోపంగా ఫోన్ చేశారనుకుందాం సార్. ఆయనకు డబ్బు పోయిన భయం ఒకటి, ఇంట్లో పెద్దవాళ్లకు మాటిచ్చిన ఇబ్బంది ఒకటి. డబ్బు ఎక్కడుందో చూసి చెప్పడం నా చేతిలో ఉంది, అయిపోయిన టికెట్ ఇప్పించడం నా చేతిలో లేదు. ముందు అడ్డు రాకుండా వింటాను. తర్వాత ఆయన చెప్పిన వివరాలే తిరిగి చెప్పి, సరిగా విన్నానా అని అడుగుతాను. ఒకసారి సారీ చెప్పి, 'మీ డబ్బు ఎక్కడుందో ముందు చూస్తాను సార్' అంటాను. ఏ వెబ్‌సైటులో కట్టారో, ఎవరి పేరుకు వెళ్లిందో అడుగుతాను, ఎందుకంటే నకిలీ సైటైతే ఆయన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. లావాదేవీ నంబరు తీసుకుంటాను, ఓటీపీ, పిన్ అడగను. డబ్బు మా దాకా రాకపోతే ఐదు రోజుల నిబంధన, తేదీతో సహా చెబుతాను, ఫిర్యాదు నంబరు ఇస్తాను. టికెట్ లేదని నేరుగా చెప్పి, వేరే తేదీలు చూపిస్తాను. కాల్ అయ్యేసరికి ఆయనకు టికెట్ దొరక్కపోవచ్చు, సంతోషం కూడా ఉండకపోవచ్చు. కానీ డబ్బు ఎక్కడుందో, ఏ రోజుదాకా చూడాలో, రాకపోతే ఏ నంబరు చెప్పి మళ్లీ అడగాలో తెలుస్తుంది. ఆయన మళ్లీ ఫోన్ చేస్తే ఇంకొకరు ఎత్తినా మొదటినుంచి చెప్పుకోకుండా నోట్స్ రాసి పెడతాను."

గట్టిగా చదివితే ఇది దాదాపు నిమిషంన్నర పడుతుంది. ముగింపు చూడండి. "ఆయన చాలా సంతోషించి థాంక్స్ చెప్పారు" అని మన పిల్లలు ముగించబోతారు. అది సినిమా ముగింపు. అనుభవమున్న ఇంటర్వ్యూయర్ దాన్ని నమ్మడు. దాని బదులు నోట్స్ సంగతి చెబితే ఈ పని ఎలా జరుగుతుందో తెలిసినవాడని అర్థమవుతుంది.

కొందరు ప్రశ్న మార్చి అడుగుతారు. "మీ అనుభవంలో ఒక సంఘటన చెప్పండి" అంటారు. ఇంకా ఉద్యోగం చేయనివారు ఇక్కడ కాల్ సెంటర్ కథ అల్లకూడదు. తర్వాతి ప్రశ్న "అప్పుడు మీ సూపర్‌వైజర్ ఏమన్నారు?" అని వస్తుంది, అక్కడ దొరికిపోతారు. అసలు అల్లవలసిన అవసరమే లేదు. మా తరగతిలో ఒక కుర్రాడు సెలవుల్లో మొబైల్ రీచార్జి కొట్లో కూర్చునేవాడు. ఒకామె నంబరులో ఒక అంకె తప్పు చెప్పి, రీచార్జి వేరేవాళ్లకు వెళ్లిపోతే కొట్టు ముందు నిలబడి కేకలు వేసిందట. ఆమె రాసిచ్చిన చీటీ తీసి చూపించి గెలవాలని అనిపించిందనీ, కానీ ముందు కంపెనీకి ఫోన్ చేసి అడిగి, వెనక్కి రాదని తెలిశాకే చీటీ మాట నెమ్మదిగా ఎత్తాననీ చెప్పాడు. అదే నాలుగు భాగాల్లో కూర్చాడు. మందుల షాపు, బట్టల దుకాణం, హోటల్ బిల్లు కౌంటర్, ఏదైనా పనికొస్తుంది.

ఇంటర్వ్యూయరే కోపిష్టి కస్టమర్ వేషం వేసి అక్కడికక్కడే తిట్టడం మొదలుపెట్టే పద్ధతీ ఉంది. అప్పుడు నాలుగు భాగాల ఉపన్యాసం పనికిరాదు, నేరుగా కాల్‌లోకి దిగిపోవాలి. ఆయన కావాలనే వ్యక్తిగతంగా దూషిస్తే, "మీకు సాయం చేయాలనే ఉన్నాను సార్, ఈ మాటలు లేకుండా మాట్లాడితే త్వరగా చూడగలను" అని ఒకసారి చెప్పి, కొనసాగితే సూపర్‌వైజర్‌కు బదిలీ చేస్తానని చెప్పాలి. ఫోన్ పెట్టేస్తాననకూడదు. ఎప్పుడు పెట్టేయవచ్చో ప్రతి కంపెనీకి తన నిబంధన ఉంటుంది, దాన్ని అడిగి తెలుసుకుంటానంటే చాలు.

సాధన చేసేవారికి ఒక మంచి వనరు మన ఊళ్లోనే ఉంది. టీటీడీ నిర్వహించే "డయల్ యువర్ ఈవో" కార్యక్రమంలో భక్తులు నేరుగా ఈవోకు ఫోన్ చేసి ఫిర్యాదులు చెబుతారు. దాన్ని విని, ఒక్కో కాల్‌కు మూడు సంగతులు రాసుకురమ్మంటాము. ఫోన్ చేసినవారు అసలు అడిగిందేమిటి, జవాబులో వారి వివరం ఏదైనా తిరిగి వినిపించిందా, చివరికి ఏం చేస్తామన్నారు. పది కాల్స్ రాస్తే, ఏ జవాబుతో గొంతు తగ్గింది, ఏ జవాబుకు మళ్లీ అదే ప్రశ్న వచ్చింది అన్నది పిల్లలకు వారంతట వారికే తెలిసిపోతుంది.

భాష సంగతి కూడా చెప్పాలి. మన ఇళ్లలో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, చిత్తూరు వైపు కొందరికి తమిళం కూడా. తిరుమలకు నాలుగు దిక్కులనుంచీ జనం వస్తారు గనుక ఈ ప్రాంతపు ఉద్యోగాల్లో ఇది పెద్ద ఆస్తి, ఇంటర్వ్యూలో తప్పక చెప్పుకోవలసింది. కాకపోతే ఉత్తరాది వారితో హిందీ మాట్లాడేటప్పుడు మన "నక్కో", "హౌ" నోట్లోంచి జారిపడతాయి. ఇంట్లో అవి ముద్దుగానే ఉంటాయి, కోపంలో ఉన్న లక్నో మనిషికి "నక్కో" వినిపిస్తే నిర్లక్ష్యంగా తోచవచ్చు. అందుకని ఆరో రోజు ఇదే కాల్‌ను హిందీలో నడిపిస్తాము, "నహీ జీ", "జీ హా" అలవాటయ్యేదాకా. తెలుగులో మరో ఇబ్బంది ఉంది. కంగారులో "మీరు" కాస్తా "నువ్వు" అయిపోతుంది, "చెప్పండి" కాస్తా "చెప్పు" అయిపోతుంది. దీనికి మందు వేగం తగ్గించడమే. ఒక విద్యార్థి 12 అంకెల నంబరును మూడేసి అంకెలుగా విడగొట్టి, ఒక్కో మూడింటినీ తిరిగి చదివి వినిపిస్తూ రాసుకోవడం మొదలుపెట్టాక, అతని "మీరు" మళ్లీ జారలేదు.